తప్పు పట్టుకునే వర్క్‌షీట్లలో పిల్లలు లెక్కంతా మళ్ళీ మొదటి నుంచి చేసేస్తున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: 8వ తరగతికి లెక్కలు చెబుతాను. ‘రవి ఇలా చేశాడు, తప్పు ఎక్కడుందో కనిపెట్టి సరిచేయండి’ అనే తరహా వర్క్‌షీట్లు తయారుచేసి ఇస్తున్నాను. పిల్లలు రవి చేసినదాన్ని చూడకుండానే పక్కన లెక్క తామే చేసి జవాబు రాసేస్తున్నారు. కొందరు ‘సైన్ మిస్టేక్’ అని రెండు మాటలు రాసి వదిలేస్తున్నారు. ఇలాంటి ప్రశ్నలు ఎలా రాయాలి?

జవాబు:

సరైన జవాబు మీరే పేపర్ మీద అచ్చువేసి ఇచ్చేయండి. ‘x = 7 రావాలి, రవికి 19 వచ్చింది’ అని పైనే రాసి ఉంటే లెక్క మళ్ళీ చేసినందువల్ల పిల్లలకు కొత్తగా దొరికేది ఏమీ ఉండదు. అప్పుడు రవి స్టెప్పుల్లోకి వెళ్ళక తప్పదు. ఈ ఒక్క మార్పుతో మీ మొదటి ఇబ్బంది చాలావరకు పోతుంది. రెండోది, అంటే ‘సైన్ మిస్టేక్’తో సరిపెట్టేయడం, పోవాలంటే మాత్రం ప్రశ్న రాసే పద్ధతే మారాలి. ఏ తప్పు పెట్టాలి, దానికి ఏ అంకెలు వాడాలి, ఏం అడగాలి అన్నవి విడివిడిగా ఆలోచించాల్సినవి. వీటిలో అంకెల దగ్గరే ఎక్కువ వర్క్‌షీట్లు చెడిపోతాయి.

8వ తరగతి అన్నారు కాబట్టి బ్రాకెట్లున్న సమీకరణాన్నే తీసుకుని చివరిదాకా చూద్దాం.

```
    5x − 3(x − 4) = 26
(1) 5x − 3x − 12 = 26
(2) 2x − 12 = 26
(3) 2x = 26 + 12
(4) 2x = 38
(5) x = 19
```

ముందు తప్పు, తర్వాత లెక్క. చాలామంది పాఠ్యపుస్తకంలోంచి ఒక లెక్క తీసుకుని, దాన్ని సరిగ్గా చేసి, మధ్యలో ఎక్కడో ఒక అంకె మారుస్తారు. 7 × 8 = 54 అని రాసిన లాంటి తప్పులు అలా పుట్టుకొస్తాయి. అది పరాకు. పరాకును పట్టుకుంటే పిల్లలకు అక్షరదోషం దిద్దే అలవాటు వస్తుందేమో గానీ గణితం రాదు. మీకు కావలసింది నమ్మకంతో చేసే తప్పు, అంటే పిల్లవాడు తనకు తెలిసిన ఒక నియమాన్ని (అది తప్పు నియమమే అయినా) నిజాయితీగా పాటిస్తే వచ్చే తప్పు. దానికి గుర్తు ఏమిటంటే, అదే పిల్లవాడు మరో అయిదు లెక్కల్లోనూ అదే తప్పు చేస్తాడు. మీ దగ్గరున్న నోట్సులు, స్లిప్ టెస్టు పేపర్లే దీనికి గని. ఒకే రకం తప్పు ముగ్గురు నలుగురి పేపర్లలో కనిపిస్తే దాన్ని పక్కన రాసి పెట్టుకోండి. పేపర్ మాత్రం ఉన్నదున్నట్టు జెరాక్స్ తీసి ఇవ్వకండి. చేతిరాత ఎవరిదో క్లాసంతా గుర్తుపడుతుంది. అంకెలు మార్చి, మీరే తిరగరాయండి. అంకెలు మార్చగానే ఆ తప్పు మాయమైపోయే ప్రమాదం ఒకటి ఉంది. అందుకే అంకెల సంగతి.

అంకెలు తప్పును దాచకూడదు, అలాగని చాటింపూ వేయకూడదు. 5x − 2(x − 4) = 20 అని ఇచ్చారనుకోండి. సరిగ్గా చేస్తే x = 4 వస్తుంది. రవిలా −2x − 8 అని విప్పితే 3x = 28, x = 28/3. పిల్లలు చివరి వరుసలో ఆ భిన్నాన్ని చూసి ‘జవాబు భిన్నం వచ్చింది కాబట్టి తప్పు’ అని రాస్తారు. వాళ్ళను తప్పుపట్టలేం, బడి లెక్కలు వాళ్ళకు నేర్పింది అదే. ఇదే సమీకరణంలో ఇంకో లోపం కూడా ఉంది. x = 4 అయితే బ్రాకెట్ విలువ సున్నా అవుతుంది. బ్రాకెట్ ముందు −2 ఉన్నా +2 ఉన్నా 200 ఉన్నా, ప్రతిక్షేపించి చూస్తే సరిపోతుంది. అంటే సరిచూసుకునే పని ఉత్తుత్తిదైపోతుంది.

అందుకే వెనక నుంచి ముందుకు రావాలి. x = 7 అనుకున్నాం, బ్రాకెట్ విలువ 3 అయ్యేలా x − 4 తీసుకున్నాం. 5 × 7 − 3 × 3 = 26, కుడివైపు సంఖ్య దొరికింది. xకి చివరికి మిగిలే గుణకం 5 − 3 = 2 అయ్యేలా చూడటం కావాలని చేసిందే. మిగతా స్థిరపదాలు సరిసంఖ్యలైతే సరైన దారిలోనూ తప్పు దారిలోనూ పూర్ణసంఖ్యలే వస్తాయి. ఇప్పుడు అచ్చుకు ఇచ్చే ముందు, ఈ చోట పిల్లలు చేయగల తప్పులన్నీ మీరే చేసి చూడండి.

−3x − 12 అని విప్పితే 19.
రెండో పదాన్ని గుణించకుండా −3x − 4 అని రాస్తే 15.
గుర్తు సరిగ్గా మార్చి, గుణించడం మరిచి −3x + 4 అని రాస్తే 11.
సరిగ్గా −3x + 12 అని విప్పితే 7.

నాలుగూ పూర్ణసంఖ్యలే, నాలుగూ వేర్వేరు. ఇలా వస్తే ఆ సమీకరణం పనికొస్తుంది. ఏ రెండైనా ఒకటే అయితే కుడివైపు సంఖ్యో, బ్రాకెట్ లోపలి సంఖ్యో మార్చి మళ్ళీ చూడండి.

ఇంకో చిక్కుముడి ఉంది, దీన్ని గమనించేవాళ్ళు తక్కువ. బ్రాకెట్ సరిగ్గానే విప్పి 2x + 12 = 26 దాకా వచ్చిన పిల్లవాడు, 12ని అటువైపుకి తీసుకెళ్ళేటప్పుడు గుర్తు మార్చడం మరిచిపోతే 2x = 26 + 12, మళ్ళీ x = 19. అంటే చివరి జవాబు 19 అన్నది ఒక్కటే చూస్తే తప్పు బ్రాకెట్ దగ్గరో పక్షాంతరం దగ్గరో చెప్పలేం. ఈ సమీకరణం ఒక్కదానికే పట్టిన పీడ కాదిది. స్థిరపదం గుర్తు విప్పేటప్పుడు తప్పినా, పక్షం మార్చేటప్పుడు తప్పినా ఫలితం ఎప్పుడూ ఒకటే. కాబట్టి అంకెలు మార్చి తప్పించుకోలేరు, స్టెప్పులే కాపాడాలి. చోటు మిగులుతుందని (1), (2), (3) వరుసలను కలిపేసి, ఇచ్చిన సమీకరణం కిందే 2x = 38 అని వేశారో, పిల్లలు ఏ కారణం రాసినా ఒప్పుకోవాల్సిందే. వరుసకు ఒక్క పని మాత్రమే, ప్రతి వరుసకూ నంబరు. తప్పున్న వరుసకు ముందూ వెనకా కనీసం ఒక్కో వరుస విడిగా కనిపించాలి.

ఆ రెండు తప్పులూ ఒకే పిల్లవాడు చేస్తే ఏమవుతుందో కూడా చూడండి. 2x − 12 = 26 అని వచ్చి, 12ని గుర్తు మార్చకుండా అటు పంపి 2x = 26 − 12 అని రాస్తే x = 7. రెండు తప్పులు, జవాబు కరెక్ట్! ఇలా రెండు తప్పులున్న లెక్కను యూనిట్ చివర్లో ఇచ్చే షీట్‌కు దాచుకోండి. ‘జవాబు సరైనదే, అయినా పూర్తి మార్కులు ఇవ్వకూడదు, ఎందుకు?’ అని అడగండి. జవాబు చూసి టిక్కు పెట్టేసే అలవాటున్న పిల్లలు మొత్తం క్లాసులో ఎవరెవరో ఆ ఒక్క ప్రశ్నకే తెలిసిపోతుంది.

చిన్న తరగతుల వాళ్ళకు కూడా ఇదే బాధ. అప్పు తెచ్చుకునే తీసివేతకు 42 − 17 ఇచ్చారనుకోండి. పై అంకె కింద అంకె అని చూడకుండా ‘పెద్దదాంట్లోంచి చిన్నది’ తీసేసే పిల్లవాడికి ఒకట్ల స్థానంలో 7 − 2 = 5, పదుల్లో 4 − 1 = 3, మొత్తం 35. అప్పు తెచ్చుకుని, పదుల్లో ఒకటి తగ్గించడం మరిచిపోయిన పిల్లవాడికి 12 − 7 = 5, 4 − 1 = 3, మళ్ళీ 35. ఒకట్ల అంకెల మధ్య తేడా 5 ఉంటే ఎప్పుడూ ఇలాగే కలిసిపోతాయి. 43 − 17 ఇస్తే మొదటివాడికి 34, రెండోవాడికి 36, సరైనది 26. ఒక్క అంకెతో తేలిపోయింది. తీసివేతలో ఇలాంటి పద్ధతి ప్రకారం వచ్చే తప్పులను జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ 1978లోనే వరసపెట్టి వివరించారు. పిల్లల తప్పులు గాలివాటం కావు, వాటికీ ఒక నియమం ఉంటుందన్నది వాళ్ళ వాదన. మనం వర్క్‌షీట్‌లో పెట్టాల్సింది ఆ నియమాన్నే.

తప్పు తర్వాత వచ్చే వరుసలు తప్పుకు నమ్మకంగా ఉండాలి. (1)లో −12 అని రాశాక (2) నుంచి (5) దాకా ఆ −12తోనే, సరిగ్గా, నడవాలి. రాసేవాళ్ళ చేయి అలవాటు కొద్దీ మధ్యలో సరైన దారిలోకి జారిపోతుంది. 2x − 12 = 26 తర్వాత 2x = 14 అని పడిపోతుంది. అప్పుడు షీట్‌లో రెండు తప్పులు చేరతాయి, లేదా ఉన్న తప్పు చెల్లిపోతుంది. షీట్ తయారయ్యాక ముందు వరుస ఒక్కటే కనిపించేలా దాని పైవన్నీ చేత్తో మూసి, ప్రతి వరుసనూ దాని ముందు వరుస నుంచి మాత్రమే రాబట్టి చూస్తే ఇది దొరికిపోతుంది.

ఇప్పుడు ‘సైన్ మిస్టేక్’ సంగతి. ఆ మాట రాసిన పిల్లలు అబద్ధం రాయలేదు. మీరు అడిగినదానికి అది చాలు కాబట్టి రాశారు. అసలు చిక్కు ఏమిటంటే −3(x − 4)ను −3x − 12 అని రాయడం వెనక కనీసం రెండు ఆలోచనలు ఉండొచ్చు. ఒకరు ‘లోపలి గుర్తు లోపలిదే, సంఖ్యలను మాత్రం గుణించాలి’ అనుకుంటారు. 3 × 4 = 12, గుర్తు ఎలా ఉందో అలాగే మైనస్. ఇంకొకరు ‘మైనస్, మైనస్ కలిస్తే మైనస్సే’ అనుకుంటారు. −3 − 4 = −7 అని కూడికలో నేర్చుకున్నదాన్ని గుణకారానికి తెచ్చుకున్నారన్నమాట. ఇద్దరికీ చెప్పాల్సిన మందు వేరు. రవిది ఏ ఆలోచనో ఒక్క లెక్క చూపించి తేల్చలేరు, పిల్లలు కూడా తేల్చలేరు.

అందుకే రవి చేసిన రెండు లెక్కలు పక్కపక్కన పెట్టండి. రెండోది ఇలా ఉండొచ్చు.

```
    4x − 2(x + 3) = 16
(1) 4x − 2x + 6 = 16
(2) 2x + 6 = 16
(3) 2x = 16 − 6
(4) 2x = 10
(5) x = 5
```

సరైన జవాబు 11. లోపల ప్లస్ ఉంటే ప్లస్‌గానే వదిలేశాడు కాబట్టి రవిది మొదటి ఆలోచన. రెండో ఆలోచన ఉన్నవాడైతే ఈ లెక్కను సరిగ్గానే చేసి 11 తెచ్చుకునేవాడు, ఎందుకంటే ఇక్కడ రెండు మైనస్‌లు కలిసే చోటే లేదు. మీరు రెండో ఆలోచనను పెట్టదలచుకుంటే ఈ లెక్కను సరిగ్గా చేసి చూపించండి. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు ఉన్న జత కొంచెం కష్టమే గానీ, పిల్లలు నిజంగా మాట్లాడుకునేది దాని మీదే. ‘ఇక్కడెందుకు కరెక్ట్ వచ్చింది మరి?’ అన్న ప్రశ్న మీరు వేయకుండానే వస్తుంది.

షీట్ మీద అడగాల్సినవి ఇవి, ఇదే వరుసలో.

(అ) మొదటిసారి తప్పిన వరుస ఏది? (‘మొదటిసారి’ అన్న మాట వదలకండి. లేకపోతే (1) తర్వాతవన్నీ తప్పే అని రాస్తారు, అదీ నిజమే కదా.)

(ఆ) ఆ వరుస రాసేటప్పుడు రవి ఏమనుకుని ఉంటాడు?

(ఇ) ఆ వరుస నుంచి కిందికి సరిచేసి రాయండి. పై వరుసలు మళ్ళీ రాయొద్దు.

(ఈ) రవి ఇదే ఆలోచనతో 7x − 5(x − 2) = 22 చేస్తే అతనికి ఎంత వస్తుంది?

నాలుగోదే మీ ఆయుధం. సరైన జవాబు 6. రవికి వచ్చేది 16. గుణించడం మరిచిపోవడమే తప్పనుకున్న పిల్లలు 12 అని రాస్తారు. అలవాటు కొద్దీ లెక్క చేసేసినవాళ్ళు 6 రాస్తారు. అంటే (ఆ)లో ఎంత అందంగా రాసినా, రవి ఆలోచన అర్థమైందా లేదా అన్నది ఆ ఒక్క సంఖ్యలో చాలావరకు బయటపడుతుంది. నలభై పేపర్లు దిద్దాల్సిన రోజున ముందు (ఈ) చూడండి. 16 ఉంటే (ఆ)ను ఒకసారి చదివితే సరిపోతుంది.

(ఆ)కి తెలుగు మీడియం పిల్లలైనా ఇంగ్లీషు మీడియం పిల్లలైనా మొదట్లో వాక్యం కట్టలేరు. గణితంలో వాక్యాలు రాసే పని వాళ్ళకు ఎవరూ పెట్టలేదు. మొదటి రెండు మూడు షీట్లలో ఖాళీలున్న వాక్యం ఇవ్వండి. ‘రవి ____ బదులు ____ రాశాడు, ఎందుకంటే ____ అనుకున్నాడు.’ తర్వాత తీసేయండి. మార్కులు నాలుగనుకుంటే (అ)కి ఒకటి, (ఆ)కి ఒకటి, (ఇ)కి ఒకటి, (ఈ)కి ఒకటి చాలు. ‘గుర్తు తప్పు రాశాడు’ అంటే (ఆ)కి మార్కు లేదు, అది (అ)నే మళ్ళీ చెప్పడం. ‘బయట ఉన్న మైనస్‌ను లోపలి రెండో పదానికి వాడలేదు, లోపలి మైనస్‌నే ఉంచేశాడు’ అంటే ఇచ్చేయండి, భాష ఎలా ఉన్నా సరే. ఈ సంగతి పిల్లలకు ముందే, బోర్డు మీద రెండు జవాబులు పక్కపక్కన రాసి చూపిస్తే ‘సైన్ మిస్టేక్’లు తగ్గుతాయి.

ఎప్పుడు ఇవ్వాలి. బ్రాకెట్ విప్పడం చెప్పిన రోజునే ఇవ్వకండి. సరైన పద్ధతి ఇంకా చేతికి రాని పిల్లలకు −3x − 12 అన్నది అచ్చులో కనిపిస్తే అదే గుర్తుండిపోతుంది. సొంతంగా కొన్ని లెక్కలు చేసి, మీరు దిద్దిన తర్వాత ఇవ్వండి. అప్పటికీ తడబడుతున్నవాళ్ళ షీట్‌లో తప్పున్న వరుస చుట్టూ మీరే గుండ్రం గీసి ఇవ్వొచ్చు. (అ) పోతుంది, మిగతా మూడు ఉంటాయి. వెతకడంలోనే శక్తంతా అయిపోకుండా ఎందుకు తప్పో ఆలోచించే వీలు వాళ్ళకు చిక్కుతుంది. ఒక పీరియడ్‌కు ఇలాంటివి రెండు, మహా అయితే మూడు. పది పెడితే మళ్ళీ రెండు మాటల జవాబులే వస్తాయి.

ప్రతి షీట్‌లో తప్పు (1)వ వరుసలోనే ఉంటే పిల్లలు మూడో షీట్‌కల్లా కిందికి చదవడం మానేస్తారు. బ్రాకెట్ తప్పు సహజంగా పైనే వస్తుంది కాబట్టి మధ్యమధ్య పక్షాంతరం తప్పులు, గుణకంతో భాగించాల్సిన చోట తీసివేయడం (2x = 14 నుంచి x = 12) లాంటివి కలపండి. అప్పుడప్పుడు ఏ తప్పూ లేని లెక్క ఒకటి పెట్టండి. దానికి ‘సరైన జవాబు ఇది’ అని పైన రాయకూడదు, ఇక్కడొక్కచోటే మొదటి సలహాకు మినహాయింపు. ‘తప్పుంటే వరుస నంబరు, లేకపోతే లేదు అని రాసి ప్రతిక్షేపించి చూపండి’ అంటే చాలు.

పేరు విషయంలో పెద్దగా చెప్పేదేమీ లేదు. మీ సెక్షన్‌లో లేని పేరు పెట్టండి, ఎప్పుడూ ఒకే పేరు తప్పు చేయకుండా చూడండి. ‘అజాగ్రత్తగా చేశాడు’ అని మీరే షీట్ మీద రాయకండి. అలా రాస్తే (ఆ)కి అందరూ ‘అజాగ్రత్త’ అనే రాస్తారు.

చివరగా జెరాక్స్ గురించి. ఈ షీట్ల ప్రాణమంతా మైనస్ గుర్తులో ఉంది, జెరాక్స్‌లో ముందు చెరిగిపోయేదీ అదే. కీబోర్డు మీది పొట్టి హైఫన్ (-) కొట్టకుండా నిడివైన మైనస్ (−) వాడండి, రెండు పక్కలా ఖాళీ వదలండి, అక్షరం 14 పాయింట్లకు తగ్గనీయకండి. సమీకరణం వరుస చివర విరిగి మైనస్ పై వరుసలోనూ 12 కింది వరుసలోనూ పడిందేమో చూసుకోండి. మొదటి కాపీ తీసి (1)వ వరుసలో మైనస్‌లన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టాకే మిగతా కాపీలు తీయించండి. ఒక మైనస్ ఎగిరిపోతే తప్పు రవిది కాకుండా మిషన్‌ది అవుతుంది, పిల్లలు దాన్నే పట్టుకుంటారు.